ఇంటిల్లిపాదికీ గజ్జి మందు రాసిన రాత్రి

బెంగళూరు మారతహళ్ళిలో ఎవరికి దురద వచ్చినా మొదటి తిట్టు బోరు నీళ్ళకే పడుతుంది. మా తమ్ముడు పీజీ నుంచి వారాంతాల్లో మా ఇంటికి వచ్చి తెల్లవార్లూ గోక్కుంటుంటే, అనంతపురం నుంచి వచ్చిన అమ్మ కూడా అదే మాట అంది: "ఈ ఊరి నీళ్ళు నీకు పడలేదురా." నీళ్ళు పడకపోతే చర్మం పొడిబారుతుంది, స్నానం చేశాక చిమచిమలాడుతుంది. వీడి దురద అలాంటిది కాదు. పగలంతా ఆఫీసులో పెద్దగా ఉండదు, రాత్రి దుప్పటి కప్పుకుని ఒళ్ళు వెచ్చబడగానే లేస్తుంది.

చేతులు దీపం దగ్గర పెట్టించి చూస్తే వేళ్ళ సందుల్లో, మణికట్టు లోపలి వైపు సన్నటి గీతలు కనిపించాయి. పొడవు అర సెంటీమీటరు ఉంటుందేమో, బూడిద రంగు, కాస్త వంకర. కొన్నిటి చివర చిన్న పొక్కు. గజ్జి పురుగుల్లో ఆడది చర్మం పైపొరలో తవ్వుకుంటూ పోయి గుడ్లు పెట్టే సొరంగమే ఆ గీత. గీత మీద ఇంకు పెన్నుతో రుద్ది, స్పిరిట్ దూదితో తుడిస్తే పైన ఉన్న ఇంకు పోయి, సొరంగంలోకి దిగింది మాత్రం నల్లటి దారంలా మిగులుతుంది. స్కిన్ డాక్టరు డెర్మోస్కోపుతో చూసి గజ్జి అని తేల్చారు. బొడ్డు చుట్టూ, నడుము దగ్గర, చంకల్లో, మర్మాంగాల మీద కూడా పొక్కులు ఉంటాయా అని అడిగితే వాడు తలొంచుకుని ఉన్నాయన్నాడు. ఈ సంగతి సిగ్గుపడి చెప్పకపోతే ఎగ్జిమా అనుకునే ప్రమాదం ఉంది.

అంతకుముందు వాడు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న తామర క్రీము రాశాడు. అందులో స్టెరాయిడ్ ఉంది. అది దురదను తగ్గిస్తుంది, ఎరుపును అణుస్తుంది, పురుగును మాత్రం ఏమీ చేయదు. చూడ్డానికి తగ్గినట్టే ఉండి లోపల పురుగులు పెరుగుతాయి, గుర్తులు చెరిగిపోయి డాక్టరుకు కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. దాన్ని ఆపించడమే చికిత్సలో మొదటి పని.

"బావకీ నీకూ ఏమీ లేదు కదక్కా, మీకెందుకు మందు?" అన్నాడు తమ్ముడు. అసలు చిక్కు అక్కడే. మొదటిసారి సోకినవాళ్ళకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఎందుకంటే దురద పుట్టించేది పురుగు కొరకడం కాదు, దానికీ దాని గుడ్లకూ మన ఒళ్ళు చూపే ఎలర్జీ. ఆ వారాల్లో ఏ గుర్తూ లేకుండానే మనం ఇంకొకరికి అంటించగలం. అందుకే ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళంతా, దురద ఉన్నా లేకున్నా, ఒకే రాత్రి మందు రాసుకోవాలి. ఇవాళ ఒకరు, వచ్చే వారం ఒకరు అంటే ఆ పురుగు ఇల్లంతా తిరుగుతూనే ఉంటుంది.

లెక్క ఇలా వేశాం. నేను, మావారు, అమ్మ, తమ్ముడు, ఏడాదిన్నర పాప, పాపను రోజంతా ఎత్తుకునే ఆయమ్మ. చేయి కలిపినంత మాత్రాన అంటుకునేది కాదుగానీ, గంటల తరబడి చర్మానికి చర్మం తగిలితే అంటుతుంది కాబట్టి ఆయమ్మను వదిలేయడానికి లేదు. అంట్లు తోమి వెళ్ళే ఆమెకు అవసరం లేదన్నారు డాక్టరు. పెర్మెత్రిన్ 5 శాతం క్రీము పెద్దవాళ్ళకు ఒక పూతకు తలా 30 గ్రాముల ట్యూబు, పాపకు మరో ట్యూబులో కొంత. వారం తర్వాత రెండో పూత కూడా ఉంటుంది కాబట్టి మొత్తం 12 ట్యూబులు. ఒకే ట్యూబును ఇంటిల్లిపాదీ పంచుకుంటేనే ఈ చికిత్స ఎక్కువగా విఫలమవుతుంది.

శనివారం రాత్రి పెట్టుకున్నాం, మర్నాడు ఎవరికీ ఆఫీసు లేదు కనుక. వేడినీళ్ళ స్నానం చేసిన వెంటనే రాయకూడదు, ఒళ్ళు చల్లబడి ఆరాక రాయాలి. గోళ్ళు కత్తిరించి, ఉంగరాలు, గాజులు, మెట్టెలు, వాచీ తీసేశాం. పాప మొలతాడు తెంపేశాం. అమ్మ తాళి తీయనంది, సరే, గొలుసు పైకెత్తి పట్టుకుని దాని కింద రాశాను. లంగా బొందు కట్టే చోట గీత పడి ఉంటుంది చూడండి, అక్కడ పురుగుకు చాలా ఇష్టం.

దవడ కింద నుంచి అరికాళ్ళ దాకా ఒక్క అంగుళం వదలకూడదు. దురద ఉన్నచోట మాత్రమే రాస్తే లాభం లేదు. వేళ్ళ సందులు, బొడ్డు లోపల, రొమ్ముల కింద, పిరుదుల మధ్య, మర్మాంగాలు, కాలివేళ్ళ మధ్య. గోళ్ళ కిందికి పాత టూత్‌బ్రష్‌తో పట్టించి, బ్రష్ పారేశాం. వీపుకు ఒకరికొకరు రాసుకోవాల్సిందే. పసిపిల్లలకు తల, ముఖం కూడా సోకుతుంది, అందుకని పాపకు కళ్ళు, నోటి చుట్టూ వదిలి మాడు మీద కూడా రాయమన్నారు. చేతులు నోట్లో పెట్టుకోకుండా మేజోళ్ళు తొడిగాం. రెండు నెలల లోపు పిల్లలకైతే డాక్టరు చెప్పకుండా ఈ మందు ముట్టకూడదు.

మందు ఒంటిమీద 8 నుంచి 14 గంటలు ఉండాలి. ఈ మధ్యలో చేతులు కడిగినప్పుడల్లా చేతులకు మళ్ళీ రాయాలి. అమ్మ రాత్రి బాత్రూముకు లేస్తుందని ఆమె మంచం పక్కన ట్యూబు పెట్టాను. అసలు పురుగులు ఎక్కువగా ఉండేది చేతుల్లో, మొదట కడుక్కుపోయేదీ అక్కడే.

ఆదివారం పొద్దున స్నానాలయ్యాక బట్టల పని. ఇల్లంతా ఉతకనక్కర్లేదు, ట్యాంకరు నీళ్ళ ఊళ్ళో అది అయ్యే పని కూడా కాదు. గత మూడు రోజుల్లో తొడిగినవీ, పక్క దుప్పట్లూ, తువ్వాళ్ళూ మాత్రం మెషీన్లో 60 డిగ్రీల మీద వేసి ఎండలో ఆరేశాం. స్వెటర్లు, బొమ్మల్లాంటివి ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి వారం పక్కన పెట్టాం. మనిషి ఒంటిని వదిలాక పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. మావారు పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలుద్దామన్నారు, దాని వల్ల డబ్బులు పోవడం తప్ప ఏమీ లేదు.

మర్నాటి నుంచే దురద పోతుందనుకునేవాళ్ళే మందు పనిచేయలేదని రోజూ రాసి చర్మం మండించుకుంటారు. పురుగులు చచ్చినా వాటి అవశేషాలు చర్మంలోనే ఉంటాయి కాబట్టి దురద రెండు నుంచి నాలుగు వారాలు లాగుతుంది. దానికి సెట్రిజిన్ మాత్ర, మాయిశ్చరైజర్ చాలు. చూడాల్సింది దురదను కాదు, కొత్త గీతల్ని. పాత గీతలు పొరలూడిపోతూ, కొత్తవి రాకపోతే మందు పనిచేసినట్టే.

మా తమ్ముడికి కొత్తవి వచ్చాయి. రెండో పూత కూడా అయి పీజీకి వెళ్ళిన రెండు రోజులకే చేతుల్లో దురద, వారంలో గీతలు. మొదటిసారి వారాలు పట్టింది రెండోసారి రోజుల్లోనే తెలుస్తుంది, ఆ పురుగంటే ఒంటికి అప్పటికే ఎలర్జీ ఏర్పడి ఉంటుంది కనుక. గది పంచుకునే ఇద్దరిలో ఒకతను తనకేమీ లేదని మందు రాసుకోలేదట. డాక్టరు ఈసారి ఆ ముగ్గురినీ పిలిపించి ఐవర్‌మెక్టిన్ మాత్రలు రాశారు. కిలో బరువుకు 200 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు, భోజనంతో. గుడ్లను ఆ మాత్ర చంపదు, అవి పొదిగాక చంపడానికి వారం తర్వాత మరో మోతాదు. గర్భిణులకూ, 15 కిలోల లోపు పిల్లలకూ ఇది ఇవ్వరు. ముగ్గురూ ఒకేరోజు మింగి, ఒకేరోజు దుప్పట్లు ఉతికాక గీతలు ఆగాయి. చంకలో మాత్రం రెండు గట్టి బుడిపెలు ఇంకా ఉన్నాయి. అవి పురుగులు కావు, ఎలర్జీ మిగిల్చినవి, కరగడానికి నెలలు పట్టొచ్చని చెప్పి డాక్టరు వాటికి విడిగా మందు ఇచ్చారు.