15 మంది వస్తే చాలనుకున్నా

విజయవాడలో ఒక ఆదివారం కలంకారీ అచ్చుల వర్క్‌షాప్ పెట్టాను. నేర్పడానికి పెడన నుంచి ఒక మాస్టారు వచ్చారు. హాలు అద్దె 8,000, మాస్టారికి 7,000, ప్రకటనలకు 2,000, అచ్చులు బల్లలు తెచ్చి దింపడానికి ఆటో 1,000, మొత్తం 18,000. టికెట్ 1,200 అనుకుని, 18,000ని 1,200తో భాగించి, 15 మంది వస్తే గట్టెక్కేస్తాం అని ఇంట్లో చెప్పేశాను కూడా.

తప్పు అక్కడే చేశా. వచ్చే ప్రతి మనిషికీ గుడ్డ, రంగులు, సంచీ కలిపి 300, భోజనం టీ 200, ఆన్‌లైన్ బుకింగ్ వాళ్ల కమీషన్ 5 శాతం అంటే 60 పోతాయి. 1,200లో నాకు మిగిలేది 640 మాత్రమే, భాగించాల్సింది దాంతోనే. అలా చేస్తే 29 మంది కావాలి, హాల్లో బల్లల దగ్గర పట్టేదేమో 30 మంది! దాంతో టికెట్ 1,500 చేశాను, తలకి 925 మిగులుతుంది కాబట్టి 20 మంది చాలు.

ఈలోగా క్యాటరింగ్ ఆయన "25 ప్లేట్లకి తగ్గితే నాకు గిట్టదమ్మా" అన్నారు. అంటే 25 మంది దాకా భోజనం తలకి లెక్కేసే ఖర్చు కాదు, ఎవరు తిన్నా తినకపోయినా కట్టాల్సిన 5,000. దాన్ని హాలు అద్దె పక్కన వేస్తే తప్పనిసరి ఖర్చు 23,000 అయింది, తలకి మిగులు 1,125 అయింది, కావాల్సింది 21 మంది. అప్పటికే ముందుగా బుక్ చేసుకున్న 8 మందికి పాత ధరే ఇచ్చేశాను, వాళ్ల మీద మిగులు 840 చొప్పునే, అందుకని 21 కాస్తా 23 అయింది. ఈ డిస్కౌంట్ ఇచ్చేముందు లెక్క చూసుకోలేదు, అది నా తొందరపాటే.

బుధవారానికి 18 మందే. టెన్షన్‌లో, రద్దు చేద్దామా అనిపించింది. రద్దు చేస్తే తిరిగిరాని హాలు అడ్వాన్స్ 3,000, ప్రకటనల 2,000, మొత్తం 5,000 పోతాయి. 18 మందితో నడిపిస్తే పోయేది 5,030. దాదాపు ఒకటే కదా, పైగా ఇంకొక్కరు వచ్చినా నష్టం 1,125 తగ్గుతుంది, అందుకే ఆపలేదు. బ్రేక్-ఈవెన్ 23 అయినా, ఆపాలా వద్దా అనేదానికి గీత 18 దగ్గరే ఉందని అప్పుడే తెలిసింది.

ఆదివారానికి 22 మంది అయ్యారు. 530 రూపాయలు చేతి నుంచి పడ్డాయి, మూడు వారాల నా తిరుగుడు ఇందులో ఎక్కడా వేయలేదు. మిగిలిన మూడు ప్లేట్లు హాలు వాచ్‌మన్ ఇంటికి పంపాం.