రమ్మనవే అన్నది ఎవరితో?

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, పుట్టింది పెరిగింది డాలస్‌లో. నాట్యం క్లాసులో ఈ ఏడు మొదటిసారి పదం, అంటే అభినయంతో చేసే పాట, నేర్పుతున్నారు. క్షేత్రయ్య పదం, ఆనందభైరవి రాగం: "మంచి దినము నేడే మహరాజుగా రమ్మనవే". అర్థం రాసుకుని రమ్మన్నారు టీచరు గారు. తను ఇంగ్లీషులో రాసుకున్నదాన్ని తెలుగులో చెప్పాలంటే ఇదీ: "ఈ రోజు మంచి రోజు, నువ్వు రాజులాగా రా."

"నువ్వు అంటే ఎవరు?" అని అడిగాను.

"ఆమె ప్రేమించినవాడు. లవ్ సాంగ్ కదమ్మా!"

తను వినే పాటల్లో "నువ్వు" అంటే ప్రేమించినవాళ్ళే. ఇంగ్లీషులో ఆ మాట చూసి ఎదుటివాళ్ళు ఆడో మగో, పెద్దో చిన్నో, ఒకరో నలుగురో చెప్పలేం. ఈ పల్లవిలో అసలు "నువ్వు" అన్న మాటే లేదు. కానీ "రమ్మనవే" చివర "వే" ఉంది. "రమ్మను" అంటే రమ్మని చెప్పు అని. "వే" అంటే వింటున్నది ఆడమనిషి, చనువున్న మనిషి. అంటే నాయిక మాట్లాడుతున్నది చెలికత్తెతో. రావలసినవాడు అక్కడ లేడు, వాడి పేరు కూడా పల్లవిలో లేదు.

ఇదంతా చెప్తే మా అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "అమ్మమ్మ ఫోన్‌లో 'ఏమే, తిన్నావటే' అంటుందే, అదా?" అంది. మా ఇంట్లో ఆ మాట వాడేది అమ్మమ్మ ఒక్కతే. తన చెవికి "వే" అంటే వ్యాకరణం కాదు, ఒక గొంతు. ఆ గొంతుతోనే మళ్ళీ చదువుకుంది.

అలా చదివాక వచ్చింది మంచి ప్రశ్న. చెలికత్తె అంటే గురువనీ, నాయిక అంటే జీవుడనీ, నాయకుడు పరమాత్మ అనీ, అతని దగ్గరికి చేర్చమని గురువును వేడుకుంటున్నట్టు చెప్పుకోవడం మన సంప్రదాయంలో ఉంది. టీచరు గారు క్లాసులో అదీ చెప్పారట. "గురువును 'రమ్మనవే' అంటారా అమ్మా? నేను టీచర్‌ని అనను కదా!" అంది. నాకూ అక్కడ కొంచెం తడబాటుగానే ఉంటుంది. భక్తిలో దేవుణ్ణే "రారా" అని పిలుస్తాం కాబట్టి ఆ అర్థాన్ని కొట్టిపారెయ్యలేం. కానీ పాట ముందు ఒక స్నేహితురాలి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడిన మాటగా వినపడాలి. గురువు ఆ తర్వాత, కావలసినవాళ్ళకి.

"మహరాజుగా" అన్నది మరో ముడి. రాజులా రమ్మనా? లేక మనం ఇప్పటికీ "మహారాజుగా రండి" అంటామే, నిరభ్యంతరంగా, హాయిగా అని, అలాగా? క్షేత్రయ్య పదిహేడో శతాబ్దం వాడు. తంజావూరు ఏలిన విజయరాఘవ నాయకుడి ఆస్థానంతో ఆయనకు సంబంధం ఉంది. అందుకని ఆ మాట వినగానే నిజం రాజు కూడా గుర్తుకొస్తాడు. పదాల్లో చరణం చివర వినపడే "మువ్వగోపాల" అన్న కవి సంతకం దేవుడి పేరే అయినా, ఆ పదాల్లో వాడు డబ్బిచ్చి వచ్చే విటుడిలాగా, మాట తప్పే మొగుడిలాగా కూడా కనపడతాడు. వెల్చేరు నారాయణరావు గారు, రామానుజన్, షుల్మన్ కలిసి 1994లో ఈ పదాల ఇంగ్లీషు అనువాదాలు తెస్తే, దాని పేరులో దేవుణ్ణి విటుడనే పిలిచారు. ఆ సంగతి మా అమ్మాయికి ఇంకో రెండేళ్ళాగి చెప్తాను.

ఇంత సందిగ్ధం ఎందుకు కావాలి? అభినయం చేసేటప్పుడు తెలిసింది. పల్లవి ఒకే వరుసని పదేపదే పాడతారు, ప్రతిసారీ అభినయం మారాలి. ఎవరితో అంటున్నదీ, ఎవరి గురించి అంటున్నదీ గట్టిగా తేలిపోతే రెండోసారికే చెయ్యడానికి ఏమీ మిగలదు. చెలికత్తెని తన కళ్ళ ఎత్తులో, ఒక పక్కగా ఊహించుకోవాలి. నాయకుణ్ణి కొంచెం పైకి, దేవుడైతే ఇంకా పైకి. మా అమ్మాయి మొదట్లో చెలితో మాట్లాడుతూ మాట్లాడుతూ చూపు పైకి జార్చేసేది. అప్పుడు చెలి కాస్తా మాయమై, "రమ్మనవే" కాస్తా "రారా" అయిపోయేది. టీచరు గారు ఆపి ఒకటే అడిగేవారట: "ఇప్పుడు నీ ముందు ఎవరున్నారు?"

మొన్న ఆదివారం వంటింట్లో సాధన చేసింది. మొదటిసారి చెలిని బతిమాలింది. రెండోసారి ముహూర్తం చూసినట్టు వేళ్ళు లెక్కపెట్టింది. మూడోసారి మాట చెలితోనే, చూపు ఆ ఎత్తులోనే, కానీ గొంతు కొంచెం పెంచింది. తలుపు అవతల ఎవరో నిలబడి వింటున్నారని తనకి తెలిసినట్టు.

"వాడు వచ్చేశాడా?" అన్నాను.

"తెలీదు. ఉంటే వినాలని."