"వ" కొట్టేసి "గ" రాసిన నోటుబుక్కు

జపాన్‌లోని హమమత్సులో నేను పనిచేసే ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ దిగేటప్పుడు తర్వాతివాళ్ల కోసం నోటుబుక్కులో రెండు మూడు వాక్యాలు రాసి వెళ్లాలి. అప్పగింతను ఇక్కడ హికిత్సుగి అంటారు.

జపనీస్‌లో నాకు అన్నిటికంటే తేలిగ్గా పట్టుబడింది పేరుకు ముందు క్రియను పెట్టడం. "నిన్న కొన్న పుస్తకం" అనాలంటే "కినో కత్త హోన్". మాటల వరస మనదే. "చేపలు కాల్చే వాసన" కూడా అంతే, "సకన ఓ యకు నిఒయి". ఇక్కడ కాల్చేది వాసన కాదు, కాలేదీ వాసన కాదు. అయినా రెండు భాషల్లోనూ ఆ మాట హాయిగా నిలబడుతుంది. ఆ చనువుతోనే ఒకరోజు నోటుబుక్కులో ఇలా రాశాను: "షునిన్ వ నఒషిత కికాయ్ ఓ తొమెమాషిత."

షునిన్ అంటే మా సూపర్‌వైజర్. ఆయన బాగుచేసిన మిషన్‌ని నేను ఆపాను అన్నది నా ఉద్దేశం. చదివినవాళ్లు మాత్రం ఆయనే ఆపారనుకున్నారు. మిషన్ ఎందుకు ఆపారని పొద్దున్నే ఆయన్ని అడిగితే, పాపం ఆయన తెల్లబోయారు.

తెలుగులో "సూపర్‌వైజర్ గారు బాగుచేసిన మిషన్ ఆపాను" అంటే అనుమానమే రాదు. "ఆపాను"లోని "ను" ఆ పని నాదని చెప్పేస్తుంది, "ఆపారు" అంటే ఆయనది. జపనీస్ "తొమెమాషిత"లో ఆ గుర్తు ఉండదు. నేనైనా ఆయనైనా అదే రూపం. అందుకే ఎవరి పని ఏదో ముందున్న చిన్న మాట చెప్పాలి. "వ" పెడితే షునిన్ వాక్యం మొత్తానికి పెద్ద అవుతాడు, చివరి క్రియ ఆయనకే చేరుతుంది. "గ" పెడితే సాధారణంగా ఆయన "బాగుచేసిన" దగ్గరే ఆగిపోతాడు. "వతషి వ, షునిన్ గ నఒషిత కికాయ్ ఓ తొమెమాషిత" అని రాసుంటే గొడవే లేదు. ఈ "గ" బదులు "నో" కూడా పెట్టొచ్చు, "షునిన్ నో నఒషిత కికాయ్" అని. మనం "నేను రాసిన" అంటాం తప్ప "నా రాసిన" అనం కదా, అందుకే ఆ "నో" నా చెవికి ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది.

రెండో దెబ్బ "బాగుచేయని" దగ్గర తగిలింది. మన "చేయని"కి కాలంతో పనిలేదు. నిన్న చేయనిది, ఇంకా చేయనిది, ఎప్పటికీ చేయనిది, అన్నిటికీ ఒకటే మాట. అదే లెక్కన "నఒసనయి కికాయ్" అని రాస్తే, ఆ మిషన్‌ని ఇక బాగుచేయరేమో అనుకుని పగటి షిఫ్ట్‌వాళ్లు దాన్ని పక్కన పెట్టేశారు. ఇంకా చేయలేదని చెప్పాలంటే "నఒషితె ఇనయి" అనాలి, నిన్న చేయలేదంటే "నఒసనకత్త".

ఆ మొదటి వాక్యంలో "వ"ను సూపర్‌వైజర్ గారే ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన "గ" రాసి, పక్కన తన హాంకో ముద్ర వేశారు. ఆ పేజీకి ఫోటో తీసి దాచుకున్నాను.