బయోడేటాలో ఒక గడి

నిన్న రాత్రి తిరుపతిలో మా ఇంట్లో గొడవంతా ఒక్క గడి మీదే. పెళ్లి బయోడేటాలో ‘ఉద్యోగం’ అనే గడి. చెన్నైలో సాఫ్ట్‌వేర్ కొలువు మానేసి ఏడాదిగా ఇంట్లోనే యాప్‌లకు డిజైన్లు చేస్తా ఉండాను. నేను ‘ఫ్రీలాన్స్’ అని రాస్తే నాయన కొట్టేసి ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినాడు.

“రేపు వాళ్లు పే స్లిప్ అడిగితే ఏం చూపిస్తావు మ్మా?”

ఐటీ రిటర్ను చూపిస్తానన్నా. జీతం కంటే ఎక్కువే ఉంది అందులో. కానీ ఆయన భయం డబ్బు తక్కువని కాదు, నెలనెలా ఒకే తీరుగా రాదని. అదీ నిజమే, జూన్‌లో నాకు ఒక్క రూపాయి రాలేదు.

నాకు 28. అబ్బాయి వాళ్లు మ్యాట్రిమోనీలో వయసు 27 వరకే పెట్టి వెతికితే నా ప్రొఫైల్ తెర మీదికే రాదు. “వద్దనడానికి కూడా నువ్వు కనపడాల గదా” అన్నాడు నాయన. దానికి నా దగ్గర జవాబు లేదు. అంతటితో ఆగకుండా బ్యాంకు పీవో పరీక్షకు జనరల్‌లో 30 దాటకూడదని కూడా గుర్తు చేసినాడు. ఆయనకు ఉద్యోగమూ పెళ్లీ రెండూ ఆఖరి తేదీ ఉన్న దరఖాస్తులే.

చివరికి అమ్మ కాగితం లాక్కుని ‘సొంతంగా డిజైన్ పని’ అని రాసింది. నాయన రెండుసార్లు చదివి, పెన్ను జేబులో పెట్టుకుని టీకి పోయినాడు. ఈసారి కొట్టేయలేదు.