జపాన్ సిగ్నల్ దగ్గర రంగు పేరు

టోక్యోలో మొదటి రోజే హిబియా వైపు నడుస్తూ ఒక సిగ్నల్ దగ్గర ఆగాం. లైటు మారగానే అక్కడ ఉద్యోగం చేస్తున్న నా ఫ్రెండ్ "పదరా, అవో పడింది" అన్నాడు. అవో అంటే నీలం అని నాకు తెలుసు, ఎదురుగా ఉన్నదేమో ఆకుపచ్చ లైటు. నా మొహం చూసి వాడు నవ్వి, "ఇక్కడ అందరూ అంతే అంటారు" అన్నాడు.

జపాన్‌లో మొదటి ఆటోమేటిక్ సిగ్నల్ పెట్టింది ఆ హిబియాలోనే, 1930లో. అప్పటి నిబంధనల్లో ఆ లైటును మిదోరి, అంటే ఆకుపచ్చ అనే రాశారట. జనం, పత్రికలు మాత్రం అవో అనే అలవాటు మానలేదు, చివరికి 1947లో నిబంధనే మారి అక్కడ కూడా అవో వచ్చింది. ఇంకో తమాషా ఏంటంటే, 1973లో ప్రభుత్వం ఆకుపచ్చలోనే వీలైనంత నీలంగా ఉండే షేడ్ వాడాలని తేల్చింది. పేరు మార్చడం కుదరకపోతే రంగునే పేరు దగ్గరికి జరిపారన్నమాట! అది తెలిశాక పాత లైట్లను ఆగి ఆగి చూశాను. నీలం వైపు మొగ్గిన ఆకుపచ్చే తప్ప నీలం మాత్రం కాదు.

ఇంతకీ వాళ్లకి తేడా కనపడదా? ఈ ప్రశ్నకి జవాబు ఫ్రెండ్ వాళ్ల పక్కింటి పిల్లాడి దగ్గర దొరికింది. వాడు నేల మీద బోర్లా పడుకుని రోడ్డు బొమ్మ వేస్తున్నాడు. సిగ్నల్ స్తంభం గీసి, డబ్బాలోంచి "మిదోరి" అని రాసి ఉన్న క్రేయాన్ తీసి, లైటుకి రంగు పూశాడు. ఇదేం లైటు అని ఫ్రెండ్ అడిగితే, తల ఎత్తకుండా "అవో" అన్నాడు. చేతిలో మిదోరి, నోట్లో అవో, వాడికి ఏ గందరగోళమూ లేదు.

తర్వాత షిన్‌కాన్‌సెన్ అనే బుల్లెట్ రైలు ఎక్కి ఉత్తరాన అవోమోరి వెళ్లాం. ఊరి పేరే 'అవో అడవి', అంటే పచ్చని అడవి. యాపిల్స్‌కి పేరున్న చోటు కాబట్టి అంగళ్ల నిండా అవే, అందులో ఓరిన్ అనే రకం లేత పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటుంది. అలాంటి వాటన్నిటినీ అవోరింగో అంటారు. ఆ కాయని చేతిలో పట్టుకుని ఎంత తిప్పి చూసినా నీలం ఛాయ కూడా లేదు. లేత ఆకులు అవోబా. అనుభవం లేని కుర్రాణ్ణి కూడా అవోయి అంటారు, మనం పచ్చి అన్నట్టే. మిదోరి మొదట్లో రంగు పేరే కాదు, కొత్త చిగురు, దాని తాజాదనం. అందుకే పసిబిడ్డని మిదోరిగో అంటారు, నిగనిగలాడే నల్లటి జుట్టుని 'మిదోరి నల్ల జుట్టు' అంటారు, అక్కడ ఆకుపచ్చ ఊసే లేదు. రంగు పేరుగా అవో పాతది, మిదోరి కొత్తది అన్న తేడా వ్యాకరణంలోనూ కనిపిస్తుంది: ఎరుపు, తెలుపు, నలుపు, అవో నేరుగా విశేషణాలవుతాయి (అకాయి, షిరోయి, కురోయి, అవోయి), మిదోరి మాత్రం ఇప్పటికీ నామవాచకమే.

ఇది విని ముక్కున వేలేసుకునే ముందు మన 'పచ్చ' సంగతి చూడాలి. పచ్చని చేను, పచ్చకామెర్లు: ఒకటి ఆకు రంగు, ఇంకొకటి పసుపు. తేడా చెప్పాల్సి వస్తే ముందు ఆకు అనో పసుపు అనో తగిలిస్తాం, లేకపోతే సందర్భానికే వదిలేస్తాం. వియత్నాం వాళ్లదీ ఇదే పద్ధతి, నీలానికీ ఆకుపచ్చకీ కలిపి 'సాన్' అనే ఒక్క మాట. విడదీయాలంటే ఆకు సాన్, ఆకాశం సాన్ అంటారు. వాళ్లు రెండింటినీ కలిపారు, మనం ఇంకో రెండింటిని కలిపాం. కళ్లు ఒకటే, గీత గీసిన చోటు వేరు.

1969లో బెర్లిన్, కే అనే ఇద్దరు పరిశోధకులు చాలా భాషల్ని పోల్చి, రంగుల పేర్లు ఇష్టమొచ్చినట్టు కాక ఒక వరసలో పుడతాయన్నారు. నీలం, ఆకుపచ్చ విడిపోవడం ఆ వరసలో కాస్త ఆలస్యంగా జరుగుతుంది. వాళ్ల సిద్ధాంతాన్ని తర్వాత చాలాసార్లు సవరించారు, నాకైతే వరస కన్నా విడిపోయే తీరే ఆసక్తిగా ఉంది. కొత్త మాట వచ్చినంత మాత్రాన పాతది వెంటనే చోటు ఖాళీ చేయదు. పెయింటు, బట్టలు లాంటి కొత్త వస్తువుల దగ్గర మిదోరి గెలిచింది, కాయలు, ఆకులు, సిగ్నల్ లాంటి అతుక్కుపోయిన మాటల్లో అవో నిలబడింది.

అవోకి రెండో వైపు నుంచి కూడా కోత పడుతోంది. లేత నీలాన్ని ఇప్పుడు మిజుయిరో, అంటే నీళ్ల రంగు అంటున్నారు, అది జపనీస్‌లో ఒక ప్రాథమిక రంగు పేరుగా స్థిరపడిందని 2017లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. ఆ పిల్లాడి క్రేయాన్ల డబ్బాలోనూ అవో పక్కనే మిజుయిరోకి వేరే పుల్ల ఉంది, ఆకాశానికి వాడు వాడింది దాన్నే.