సాయంత్రం ఏడుపు కోలిక్కేనని ఎలా తేలిందంటే

మా పాపకు నెల దాటాక సాయంత్రాలు ఏడుపు మొదలైంది. ఆరింటికి అందుకుందంటే తొమ్మిది దాటినా ఆపేది కాదు. ముఖం ఎర్రబడిపోయేది, పిడికిళ్లు బిగించి కాళ్లు పొట్టకు ముడుచుకునేది, మధ్యమధ్యలో గ్యాస్ వదిలేది. చూసినవాళ్లంతా కడుపునొప్పే అన్నారు. మా అత్తయ్య మాత్రం "పగలంతా హాయిగా ఉంటుంది కదా, నొప్పి గడియారం చూసుకుని వస్తుందా?" అన్నారు.

పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్తే స్కాన్ రాస్తారనుకున్నాను. ఆవిడ ముందు పాప బట్టలన్నీ విప్పించారు. పొట్ట మెత్తగా ఉందో ఉబ్బిందో నొక్కి చూశారు. గజ్జల్లో హెర్నియా వాపు ఉందేమోనని చూశారు. చివరికి కాలివేళ్లు ఒక్కొక్కటే విడదీసి చూశారు. తల్లి తలవెంట్రుక ఒకటి వేలికి చుట్టుకుని బిగిసిపోయినా పసిపిల్లలు ఇలాగే గుక్కపట్టి ఏడుస్తారట. నాకైతే ఆ ఆలోచనే రాలేదు.

తర్వాత బరువు. పుట్టినప్పుడు 2.9 కిలోలు. మొదటి రోజుల్లో కాస్త తగ్గి, రెండు వారాలకు మళ్లీ అదే బరువుకు వచ్చింది. ఆరో వారంలో 3.7. అంటే నాలుగు వారాల్లో 800 గ్రాములు, రోజుకు 28 గ్రాములకు పైనే. ఈ వయసులో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరిగితే చాలు. "పేగుల్లో జబ్బున్న పిల్ల ఇలా పెరగడం కష్టం అమ్మా" అన్నారావిడ. పాలు బాగా తాగుతోంది, జ్వరం లేదు, పరీక్షలో తేడా ఏమీ కనిపించలేదు. అందుకే కోలిక్ అన్నారు, అంటే జబ్బేమీ లేకుండానే పసిపిల్లలు గంటల తరబడి ఏడవడం. స్కాన్ రాయలేదు. గ్యాస్ సంగతి అడిగితే, చాలావరకు అది ఏడుస్తూ మింగిన గాలేనని చెప్పారు.

వాంతి గురించి మాత్రం గుచ్చి గుచ్చి అడిగారు. మా పాప పాలు తాగాక కొద్దిగా కక్కేది, తెల్లగా. దానికి భయం లేదు. ఆకుపచ్చగా పసరు వాంతి అయితే పేగు మెలిక పడి ఉండొచ్చు, తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. (విరేచనం ఆకుపచ్చగా ఉందని నేను కంగారుపడుతున్నాను, అది మామూలేనట.) తాగిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు కక్కుతూ బరువు పెరగకపోతే జీర్ణాశయం చివర దారి సన్నబడిందేమో చూడాలి. మూడు నెలలలోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే అది కోలిక్ లెక్కలోకి రాదు, వెంటనే చూపించాలి.

నన్ను పాలు, పెరుగు మానేయమని చాలామంది చెప్పారు. డాక్టర్ వద్దన్నారు. విరేచనంలో రక్తం, జిగురు, ఒంటి మీద ఎగ్జిమా, బరువు పెరగకపోవడం లాంటివి ఉంటే ఆవుపాల ప్రోటీన్ అలర్జీ అనుమానించి తల్లి రెండు నుంచి నాలుగు వారాలు మానేస్తుంది. తగ్గితే మళ్లీ తిని చూడాలి, లక్షణాలు తిరిగొస్తేనే అలర్జీ ఖాయం. ఉత్త ఏడుపు చూసి తల్లి కడుపు మాడ్చుకోనక్కర్లేదన్నారు.

మందుల విషయంలో నేను ఆశించింది దొరకలేదు. గ్యాస్‌కని వేసే సిమెథికోన్ చుక్కలు ట్రయల్స్‌లో ఉత్తుత్తి మందు కన్నా మెరుగ్గా పనిచేయలేదు. గ్రైప్ వాటర్‌కూ నమ్మదగిన రుజువు లేదు. కడుపునొప్పికి వాడే డైసైక్లోమిన్ ఆరు నెలలలోపు పిల్లలకు ఇవ్వనే కూడదు, ఊపిరికే ప్రమాదం. కాస్తో కూస్తో రుజువున్నది లాక్టోబాసిల్లస్ రూటరీ అనే ప్రోబయోటిక్, అంటే పేగుకు మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న చుక్కలు, అదీ తల్లిపాలు తాగే పిల్లల్లోనే. డాక్టర్ రాస్తే వేశాం. ఏడుపు తగ్గింది గానీ, చుక్కల వల్లో వయసు వల్లో చెప్పలేను. ఆరో వారం దగ్గర ఏడుపు తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు ఎలాగూ తగ్గిపోతుంది.

మాకు అక్కరకొచ్చింది ఎత్తుకుని నడవడం. ఊరికే ఊపడం కాదు, ఛాతీకి ఆనించుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడవాలి. నిద్రపోగానే పడుకోబెడితే లేచిపోయేది. 2022లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, నిద్రపోయాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని అప్పుడు పడుకోబెడితే లేవడం తగ్గిందని తేలింది. అలా చేశాక మాకూ చాలాసార్లు పనిచేసింది. పనిచేయని రోజులూ ఉన్నాయి. ఓపిక నశించి చేతులు బిగుసుకుంటున్నాయనిపిస్తే, పాపను ఊయలమంచంలో వెల్లకిలా పడుకోబెట్టి తలుపు దగ్గరకేసి కొన్ని నిమిషాలు బయటికి వచ్చేదాన్ని. ఏడిస్తే ఏమీ కాదు, విసుగులో గట్టిగా కుదిపితే మెదడులో రక్తస్రావం అవుతుంది.

నాలుగో నెలకు సాయంత్రాలు నెమ్మదించాయి. అప్పుడు డాక్టర్ ఇంకో మాట చెప్పారు. ఇకమీదట కొత్తగా ఏడుపు మొదలైతే పాత కోలిక్కే అనుకోవద్దన్నారు. అలల్లా వచ్చిపోతూ, ఏడ్చినప్పుడల్లా ముఖం పాలిపోయి, మధ్యలో వాడిపోయినట్టు పడుకుంటే పేగులోకి పేగు చొచ్చుకుపోయి ఉండొచ్చు. విరేచనంలో రక్తం కనిపించేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి రమ్మన్నారు.