మిక్సీ జార్ మూత కింద ఒకసారి చూడండన్నా

క్యాంటీన్ నడుపుతున్న అన్నకు నమస్కారం.

నేను రెండో తరగతి పాప వాళ్ల అమ్మను. పోయిన నెల ఒక గురువారం పొద్దున, మీ కౌంటర్ ముందు నుంచి పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తింది నేనే. ఆ రోజు మీతో మాట్లాడే స్థితిలో లేను. ఇప్పుడు పాప మళ్లీ బడికి వస్తోంది. రాత్రిళ్లు లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకోవడం నేనూ తగ్గించాను. కాస్త కుదురుగా రాయగలను అనిపించి రాస్తున్నాను.

మా అత్తగారిది వనపర్తి దగ్గర ఊరు. యాసంగిలో పల్లి వేస్తారు. పాపకు మూడేళ్లప్పుడు, పల్లి పీకే రోజుల్లో ఎవరో ముద్దుగా పల్లిపట్టి ముక్క చేతిలో పెట్టారు. పెదవులు ఉబ్బిపోయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. అప్పటి నుంచి మా ఇంట్లోకి పల్లీలు రాలేదు. బడిలో చేర్పించిన రోజే ఫారం మీద ఎర్ర పెన్నుతో రాసిచ్చాను. ఆ ఫారం ఆఫీసు బీరువాలోనే ఉండిపోయిందని, మీ వంటగది దాకా రాలేదని తర్వాత తెలిసింది. అది మీ తప్పు కాదు.

ఆ రోజు పాప టిఫిన్ డబ్బా ఆటోలో మరిచిపోయింది. ఇంటర్వెల్‌లో టీచరమ్మ మీ దగ్గర రెండు ఇడ్లీలు కొనిచ్చారు. పాప తనే అడిగిందట, "అక్కా, ఇందుల పల్లీలున్నయా?" అని. "లేవు బిడ్డా, కొబ్బరి చట్నీ" అని వంట అక్క చెప్పింది. ఆమె అబద్ధం చెప్పలేదు. చట్నీలో వేసింది కొబ్బరి, పుట్నాలు, పచ్చిమిర్చే.

ఇరవై నిమిషాల్లో నోరు దురద, తర్వాత దద్దుర్లు, రెండు వాంతులు. దగ్గరలో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. అలర్జీ ఇంజెక్షన్ ఒకటి, స్టెరాయిడ్ ఒకటి ఇచ్చారు. గంటలో దద్దుర్లు తగ్గాయి. "ఏం కాదు, తీసుకపోండి" అన్నారు. నేనూ నమ్మాను.

రాత్రి తొమ్మిది కావస్తోంది. పాప పడుకుని ఉంది. దగ్గు వినిపించింది. మామూలు దగ్గు కాదు, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు బొంగురుగా. లైటు వేసి చూస్తే పెదవులు పాలిపోయి ఉన్నాయి. "అమ్మా" అంటోంది కానీ గొంతు దానిది కాదు. లేపి నిలబెడితే మెత్తగా నా మీదికి ఒరిగిపోయింది. తెల్లవార్లూ తెరిచి ఉండే పెద్ద ఆసుపత్రికి బండి మీద బయలుదేరాం. నేను వెనక కూర్చుని, మన్యంకొండ స్వామికి ఏమేం మొక్కానో ఇప్పటికీ సగం గుర్తు లేదు. కొంగులో పాప ఛాతీ పిల్లి కూతలా కూయడం మాత్రం గుర్తుంది.

అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసామె. చూసిన వెంటనే పాపను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ల కింద దిండు పెట్టించి, తొడ బయటి వైపు కండలోకి అడ్రినలిన్ ఇచ్చారు. మా పాప బరువు 20 కిలోలు, మందు 0.2 మిల్లీలీటర్లు. ఐదారు చుక్కలు కూడా ఉండదేమో. పది నిమిషాల్లో పాప "నీళ్లు" అంది. నేను అక్కడే నేల మీద కూలబడిపోయాను.

తెల్లవారాక ఆమె విడమరిచి చెప్పారు. దద్దుర్లతో పాటు వాంతులో, ఆయాసమో కలిస్తే అది మామూలు అలర్జీ కాదట, అనాఫిలాక్సిస్ అట. దానికి మొదటి మందు అడ్రినలినే. మిగతా ఇంజెక్షన్లు దురద తగ్గిస్తాయి గానీ ఊపిరిని, బీపీని కాపాడలేవు. ఒకసారి తగ్గాక కొన్ని గంటలకు మళ్లీ రావచ్చు కాబట్టి వెంటనే ఇంటికి పంపకూడదు. పొద్దున చూసినవాళ్లు ఈ మాట చెప్పలేదు. ఆ కోపం నాలో ఇంకా ఉంది. ఆ డాక్టరమ్మకు మాత్రం జీవితాంతం దండం పెడతాను.

ఇప్పుడు మీ మాటకొస్తాను అన్నా. మర్నాడు మా ఆయన మీ దగ్గరికి వస్తే, "పాలమూరుల పుట్టి పల్లీలు పడకపోతె ఎట్లనే? ఒక్క గింజకు ఇంత లొల్లా?" అన్నారట. మీరు చెడ్డ మనసుతో అనలేదని నాకు తెలుసు. కానీ ఆ మాట విని ఆయన ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చారు.

ఆ గింజ ఎక్కడుందో మీ వంట అక్కే చూపించింది. ఆమెకు నేను రుణపడి ఉన్నాను. సోమవారం వెళ్లినప్పుడు మిక్సీ జార్ నా ముందే కడిగింది. చూస్తే తళతళలాడుతోంది. తర్వాత చెంచా కొసతో మూతకున్న రబ్బరు రింగు లేపింది. దాని కింద గోధుమ రంగు ముద్ద, చుట్టూతా, సన్నగా దారంలా. వాసన చూశాను, పల్లీలదే. పొద్దున పల్లి చట్నీ పట్టి, జార్ నీళ్లతో తొలిచి, అందులోనే కొబ్బరి చట్నీ పట్టేవాళ్లు. అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుంది. పల్లీల్లో పడనిది వాటి ప్రొటీన్. అది వేయించినా, ఉడికించినా పోదు. ఉత్త నీళ్లతో తొలిస్తే పూర్తిగా వదలదు. సబ్బు పెట్టి, రింగు తీసి, బ్లేడు అడుగున బ్రష్షుతో రుద్దాలి. చేతులకూ సబ్బే కావాలి, శానిటైజర్ రాసుకుంటే పోదు.

అందుకే అడుగుతున్నాను. పల్లి చట్నీకి వేరే జార్, వేరే గరిటె పెట్టగలరా? మసాలా పల్లీలు వేయించిన నూనెలోనే బజ్జీలు వేస్తున్నారా? వేస్తే పాపకు బజ్జీ కూడా వద్దని చెప్పుకుంటాను. మీరు వాడేది గానుగ పల్లినూనెనా, రిఫైన్డ్ నూనెనా? బాగా రిఫైన్ చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు, గానుగ నూనెలో ఉంటుంది. ప్యాకెట్ పొడులు కొంటే వెనక అలర్జీ వివరం చదివి, డబ్బాలో పోశాక కూడా ఆ కవరు పారేయకుండా ఉంచుతారా?

ఇంకొకటి, డబ్బాల సంగతి. పిల్లల లంచ్ బాక్సులన్నీ పొద్దున ఎనిమిదిన్నరకు తెచ్చి ఒకే ట్రేలో, పొయ్యి పక్క గట్టు మీద పేరుస్తున్నారు. పక్క డబ్బాలోంచి కారిన పల్లిపొడి నూనె మా పాప డబ్బా మూత మీద నేనే చూశాను. దానిదొక్కటి పై అరలో, విడిగా పెట్టండి. మిగతా పిల్లల కోసం కూడా చెబుతున్నా, పొయ్యి పక్కన అన్నం గోరువెచ్చగా నాలుగు గంటలు ఉండటం మంచిది కాదు. ఉడికినా చావని క్రిముల బీజాలు అన్నంలో ఉంటాయి, అవి ఆ వెచ్చదనానికే పెరుగుతాయి. వేడిగా ఉంచితే 60 డిగ్రీల పైన, చల్లగా ఉంచితే 5 డిగ్రీల లోపల ఉంచాలి. మీ ఫ్రిజ్ అన్ని డబ్బాలకూ చాలదని తెలుసు. కనీసం పెరుగన్నం డబ్బాలు అందులో పెట్టి, మిగతావి పొయ్యికి దూరంగా, నీడన పెట్టండి.

ఏ జాగ్రత్తా తప్పి మళ్లీ వస్తే, పాపను నడిపించకండి, నిలబెట్టకండి. పడుకోబెట్టి 108కి, తర్వాత నాకు ఫోన్ చేయండి. ఆయాసపడుతుంటే కూర్చోనివ్వండి. డాక్టరమ్మ రాసిచ్చిన మందు ఆంపూల్, సిరంజి, కొలత రాసిన కాగితం ఆఫీసులో పెట్టాను. ఎలా ఇవ్వాలో టీచరమ్మకు ఆమే నేర్పించారు.

శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక మీ దగ్గరికి వస్తాను. మూతకు ఎర్ర టేపు చుట్టిన కొత్త జార్ ఒకటి నేనే తెస్తున్నాను, డబ్బుల గురించి ఆలోచించకండి. పల్లి చట్నీ అందులోనే పట్టండి. పాత జార్‌కు కొత్త రింగు కూడా తెస్తాను. అక్కను కూడా ఉండమనండి.

ఇట్లు,
పాప వాళ్ల అమ్మ